థర్మల్ ఇన్నర్ కొలత: ఒంటికి ఎంత బిగుతు, స్వెట్టరుకు ఎంత చోటు

థర్మల్ ఇన్నర్ వెచ్చదనంలో దారం వాటా కొంతే. ఎక్కువ భాగం ఆ దారాల మధ్యా, బట్టకూ చర్మానికీ మధ్యా కదలకుండా నిలిచిన గాలిది. నూలు గానీ, ఉన్ని గానీ, పాలిస్టర్ గానీ, ఏ పోగు తీసుకున్నా కదలని గాలి కంటే ఎన్నో రెట్లు తేలిగ్గా వేడిని తన గుండా పోనిస్తుంది. నీరైతే గాలి కంటే సుమారు 25 రెట్లు ఎక్కువగా వేడిని లాగేస్తుంది. అందుకే చెమటకు తడిసిన బనియన్ అంత చల్లగా తగులుతుంది. చర్మం మీద ఉష్ణోగ్రత మామూలుగా 33 డిగ్రీల దగ్గర ఉంటుంది. బయట 5 డిగ్రీలుంటే ఆ 28 డిగ్రీల తేడాను ఆపాల్సింది ముఖ్యంగా ఈ పలచటి గాలి పొరలే. థర్మల్ సైజు ఎంచుకోవడమంటే ఆ గాలి ఎంత ఉండాలో, ఎక్కడ ఉండాలో తేల్చుకోవడమే.

గాలి పనికిరావాలంటే నిలకడగా ఉండాలి. బట్టకూ ఒంటికీ మధ్య ఖాళీ కొన్ని మిల్లీమీటర్లు ఉన్నంతవరకు గాలి ఉన్నచోటే ఉంటుంది. ఆ ఖాళీ ఒక సెంటీమీటరు దాటిందంటే చర్మం దగ్గర వేడెక్కిన గాలి పైకి లేస్తుంది, చల్లటి గాలి దాని చోటులోకి దిగుతుంది. మనిషి కదిలినప్పుడు పరిస్థితి ఇంకా పాడవుతుంది. వదులు బట్ట అడుగడుక్కీ ఒంటికి తగులుతూ, విడిపోతూ, మెడ దగ్గరి నుంచీ అంచు కింది నుంచీ వెచ్చటి గాలిని బయటికి తోసి చల్లగాలిని లోపలికి పీలుస్తుంది, కొలిమి తిత్తి లాగా. పొట్ట దగ్గరా నడుము వెనకా వేలాడే థర్మల్‌లో, అది ఎంత మందంగా ఉన్నా, చలి తగులుతూనే ఉండటానికి కారణం ఇదే.

గాలి వాటా ఎంత పెద్దదో చూపడానికి నార్వేలో పుట్టిన వల బనియన్ మంచి ఉదాహరణ. 1933లో అక్కడి సైన్యాధికారి హెన్రిక్ బ్రున్ చేపలు పట్టే పాత వలలతో దీన్ని తయారు చేశాడు. బట్టలో ఎక్కువ భాగం రంధ్రాలే. విడిగా వేసుకుంటే చలిని ఏమాత్రం ఆపదు. దాని మీద ఒత్తుగా అల్లిన మరో బట్ట వేసుకుంటే మాత్రం ప్రతి కన్నూ ఒక చిన్న గాలి గది అవుతుంది. ఒళ్లంతా వెచ్చబడుతుంది, చెమట ఆవిరి పోవడానికి దారీ ఉంటుంది. ఆ వల బనియన్ కూడా ఒంటిని అంటుకుని ఉన్నప్పుడే పనిచేస్తుంది. దుకాణాల్లో దొరికే గడుల నేత థర్మళ్లు ఇదే సూత్రాన్ని చిన్న ఎత్తున వాడుకుంటాయి. ఆ గుంటల్లో గాలి నిలుస్తుంది.

బిగుతు ఎక్కువైనా నష్టమే. దీన్ని చాలామంది గమనించరు. అల్లిన బట్టను అడ్డంగా సాగదీస్తే మూడు జరుగుతాయి. బట్ట పలచబడుతుంది, కళ్లు తెరుచుకుంటాయి, పొడవు తగ్గుతుంది. పలచబడటమంటే అందులో నిలవాల్సిన గాలి తగ్గడం. రెండు మిల్లీమీటర్ల మందం ఉన్న రిబ్ అల్లిక సాగి ఒక మిల్లీమీటరుకు వస్తే అది ఆపగలిగే చలి కూడా ఇంచుమించు సగానికి పడిపోతుంది. పొడవు తగ్గడం వల్ల బనియన్ అంచు ప్యాంటులోంచి పైకి జారుతుంది. నడుము వెనక నాలుగు వేళ్ల వెడల్పు చర్మానికి చలి నేరుగా తగులుతుంది. అద్దం ముందు నిలబడి చూసుకున్నప్పుడు గీతల మధ్య ఒంటి రంగు కనబడుతోందంటే, అది సాగాల్సిన దానికంటే ఎక్కువ సాగిందని అర్థం. విప్పాక మణికట్టు మీదా నడుము మీదా ఎర్రటి గుర్తులు చాలాసేపు చెరగకపోవడం మరో గుర్తు. చేతివేళ్లు, కాలివేళ్లు వెచ్చగా ఉండాలంటే వాటికి వెచ్చటి రక్తం అందాలి. అందువల్ల మణికట్టు దగ్గరా చీలమండ దగ్గరా పట్టు గట్టిగా ఉండటం అసలుకే మోసం.

ఈ రెంటి మధ్యా సరైన చోటు ఎక్కడుందో లేబుల్ మీది అంకె చెప్పదు. మన దేశంలో బనియన్ల లాగే థర్మళ్లకూ 80, 85, 90, 95, 100 అని ఐదేసి అంకెల తేడాతో నంబర్లు వేస్తారు. ఇవి సెంటీమీటర్లు. అయితే అది బట్ట కొలత కాదు, ఆ బట్ట ఎంత ఛాతీ ఉన్నవారికి ఉద్దేశించిందో చెప్పే అంకె. 90 నంబరు థర్మల్‌ను టేపుతో కొలిస్తే 80 రావచ్చు, 86 రావచ్చు, 92 కూడా రావచ్చు. బాగా సాగే రిబ్ అల్లికయితే తయారీదారు చిన్నగా కుడతాడు, సాగనిదయితే పెద్దగా కుడతాడు. ఎం, ఎల్ అక్షరాలు ఇంకా జారుడు. ఒక కంపెనీ ఎం అన్నది మరో కంపెనీ ఎల్‌కు సమానమవుతుంది. చొక్కా సైజు తెలుసు కదా అని అదే చెప్పి థర్మల్ కొనేవారు ఎక్కువగా ఒక సైజు పెద్దది తెచ్చుకుంటారు. చొక్కా కొలతలో ఒంటికీ బట్టకూ మధ్య 10 నుంచి 15 సెంటీమీటర్ల వదులు ముందే కలిసి ఉంటుంది, థర్మల్‌లో అది ఉండకూడదు.

నమ్మదగింది ఒక్కటే, రెండు కొలతలను పక్కపక్కన పెట్టుకోవడం. మొదటిది ఒంటిది. పలచటి బనియన్ మీద, చంకల కింది నుంచి ఛాతీలో ఎక్కువ ఎత్తున్న చోట టేపు చుట్టి, ఊపిరి మామూలుగా వదిలినప్పుడు చదవాలి. టేపు వెనక వీపు మీద కిందికి జారితే రెండు మూడు సెంటీమీటర్లు తప్పు వస్తుంది. పొట్ట ఛాతీ కంటే ముందుకు ఉన్నవారు పొట్ట చుట్టుకొలతే అసలు కొలతగా తీసుకోవాలి. రెండోది బట్టది. థర్మల్‌ను బల్ల మీద సాగదీయకుండా పరిచి, ఒక చంక కుట్టు నుంచి రెండో చంక కుట్టు వరకు కొలిచి రెట్టింపు చేయాలి. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు సైజు పట్టీలో ఇచ్చింది ఒంటి కొలతా, బట్ట కొలతా అన్నది మొదట చూడాలి. రెండూ ఒకటే అనుకోవడం వల్లే ఎక్కువ పార్శిళ్లు తిరిగి వెళ్తాయి.

కొంచెం లైక్రా కలిసిన రిబ్ లేదా ఇంటర్‌లాక్ అల్లికకు ఒంటి కొలత కంటే బట్ట కొలత తక్కువ ఉండాలి. వేసుకున్నప్పుడు అది 5 నుంచి 15 శాతం మధ్య సాగితే ఒంటికి హత్తుకుంటుంది, పలచబడదు. రెండు పొరల మధ్య దూదిలాంటిది పెట్టి గళ్లు గళ్లుగా కుట్టిన థర్మళ్లకు ఈ లెక్క వర్తించదు. అవి పెద్దగా సాగవు, కాబట్టి ఒంటి కంటే రెండు నుంచి నాలుగు సెంటీమీటర్లు పెద్దగానే ఉండాలి. ఒకే దుకాణంలో ఒకే నంబరుతో ఉన్న రెండు రకాలను ఒకేలా చూడకూడదన్నది ఇందుకే.

జనవరిలో ఢిల్లీకి ఉద్యోగం మీద వెళ్తున్న ఒక మనిషిని ఊహించుకుంటే లెక్క స్పష్టమవుతుంది. ఛాతీ 92 సెంటీమీటర్లు, పొట్ట అంతకంటే తక్కువ. అతని ముందు మూడు థర్మళ్లు ఉన్నాయి. మొదటిది పరిచి కొలిస్తే 38 వచ్చింది, అంటే చుట్టూ 76. అది 92కు చేరాలంటే 16 సెంటీమీటర్లు, అంటే 21 శాతం సాగాలి. గీతలు విచ్చుకుంటాయి, అంచు పైకి లాగుతుంది. మూడోది 47, చుట్టూ 94. ఛాతీ దగ్గర ఒంటి కంటే రెండు సెంటీమీటర్లు వదులు. నడుము దగ్గర ఒళ్లు ఇంకా సన్నం కాబట్టి అక్కడ ఇంకా ఎక్కువ వదులు. మధ్యది 42, చుట్టూ 84. ఎనిమిది సెంటీమీటర్లు, అంటే సుమారు 9.5 శాతం సాగుతుంది. అతనికి కావలసింది ఇదే. దాని లేబుల్ మీద 90 ఉన్నా 95 ఉన్నా పట్టించుకోనక్కర్లేదు.

ఇక పైన వేసుకునే బట్టల సంగతి. ఒంటి చుట్టూ ఒక పొర చేరితే చుట్టుకొలత ఎంత పెరుగుతుందో తెలుసుకోవడం కష్టం కాదు. పొర మందాన్ని 6.28తో హెచ్చవేస్తే చాలు. రెండు మిల్లీమీటర్ల థర్మల్ చుట్టుకొలతను సుమారు 1.25 సెంటీమీటర్లు పెంచుతుంది. అంటే 92 ఛాతీ 93.25 అవుతుంది. దాని మీద మామూలు చొక్కా వేస్తే, దాని మడతలతో కలిపి 94 అనుకోవచ్చు. సరిపోయే థర్మల్ పెంచేది ఇంతే. పాత స్వెట్టరు పట్టకపోతే తప్పు థర్మల్‌ది కాకపోవచ్చు, ఆ స్వెట్టరు ముందునుంచీ బిగుతుగానే ఉండి ఉంటుంది.

స్వెట్టరు లోపలి చుట్టుకొలత 100 ఉంటే 94కూ దానికీ మధ్య ఆరు సెంటీమీటర్ల తేడా ఉంది. దాన్ని 6.28తో భాగిస్తే ఒంటి చుట్టూ దాదాపు ఒక సెంటీమీటరు మందాన గాలికి చోటు దొరికినట్టు. నిలకడగా ఉండే గాలికి అది చక్కటి మందం. స్వెట్టరు 94 దగ్గరే ఉంటే ఆ గాలి పొర ఉండదు. 88 దగ్గర ఉంటే స్వెట్టరు థర్మల్‌ను నొక్కేస్తుంది, రెంటి మందమూ తగ్గుతుంది. అలా రెండు పొరలు వేసుకున్నా ఒకటిన్నర పొర విలువే వస్తుంది. 106 దాటిన స్వెట్టరులో గాలి తిరగడం మొదలవుతుంది, అయినా దాని మీద జాకెట్టు వేస్తే ఆ నష్టం చాలావరకు తీరుతుంది.

వదులు థర్మల్ ఇక్కడ మరో విధంగా ఇబ్బంది పెడుతుంది. చుట్టుకొలత 104 ఉన్న థర్మల్‌ను అదే మనిషి వేసుకుంటే 12 సెంటీమీటర్ల బట్ట ఎక్కువ. అది ఎక్కడికో పోవాలి కాబట్టి మడతలు పడుతుంది. మడతలు ముఖ్యంగా చంక కింద, మోచేతి లోపలి వైపు, నడుము పక్కల పోగవుతాయి. స్వెట్టరు వాటిని నొక్కుతుంది. చేయి పైకెత్తితే చంకలో బట్ట గుత్తిగా పట్టేస్తుంది. మోచేయి మడిస్తే చేతి మీద ఉండలా కడుతుంది. అలాంటప్పుడు చాలామంది స్వెట్టరును తిట్టుకుని ఇంకా పెద్ద స్వెట్టరు కొంటారు. పొరలన్నీ కలిసి బిగుతయినప్పుడు పెంచాల్సింది పై బట్ట సైజునే, కానీ ముందు లోపలిది మడత లేకుండా ఉందని తేల్చుకున్నాకే. అది సరిగ్గా హత్తుకుని ఉన్నాక దాన్ని ముట్టుకోకూడదు.

చేతుల పొడవు విషయంలో కొలత మణికట్టు ఎముక వరకు. అంతకంటే రెండు మూడు సెంటీమీటర్లు ఎక్కువ ఉన్నా మంచిదే, ఎందుకంటే స్వెట్టరు తొడుక్కునేటప్పుడు లోపలి చేతిని మోచేతి దాకా ఈడ్చుకుపోతుంది. అంచును పిడికిట్లో పట్టుకుని తొడుక్కుంటే ఆ బాధ ఉండదు, దానికి పట్టుకునేంత పొడవు కావాలి. కాలరు చొక్కా వేసుకునేవారు మెడ లోతు ఎక్కువున్న థర్మల్ తీసుకుంటే గుండీల మధ్య నుంచి కనబడదు. అయితే మెడ ఎంత తెరిచి ఉంటే అంత వెచ్చదనం అటునుంచి పోతుంది. మఫ్లరుతో దాన్ని పూడ్చుకోవాలి.

కిందిభాగానికి కొలత నడుము ఒక్కటే కాదు. ఎలాస్టిక్ ఎంతైనా సాగుతుంది కాబట్టి నడుము చాలామందికి సరిపోతుంది, తొడ సరిపోదు. తొడలో ఎక్కువ లావున్న చోట, పిక్క మీద, రెండు చోట్లా బట్ట అంటుకుని ఉండాలి. కాళ్ల మధ్య కుట్టు ఒంటికి చేరి ఉండాలి. అది నాలుగైదు సెంటీమీటర్లు కిందికి వేలాడితే పెద్ద అడుగు వేసిన ప్రతిసారీ తొడలను కట్టేస్తుంది. గౌరీకుండ్ నుంచి కేదార్‌నాథ్‌కు కాలినడకన ఎక్కే తెలుగు యాత్రికులకు ఇది చిన్న విషయం కాదు. అక్కడ గుడి 3,500 మీటర్లకు పైన ఉంది. ఎక్కేటప్పుడు చెమట పడుతుంది, ఆగగానే చలి కొడుతుంది. ఒంటిని అంటుకున్న బట్టే చెమటను చర్మం మీది నుంచి లాగి పైకి పంపగలదు. వేలాడే బట్టకు చెమట తాకదు, తాకిన చోట తడిసి ముద్దవుతుంది. ఇలాంటి నడకకు అచ్చమైన నూలు కంటే పాలిస్టర్ గానీ, సన్నటి మెరినో ఉన్ని గానీ మేలు.

థర్మల్ మీద బిగుతు జీన్స్ వేస్తే మోకాలి దగ్గర రెండు బట్టలూ నలిగి, అక్కడే ముందుగా చలి తెలుస్తుంది. ప్యాంటు తొడ దగ్గర రెండు మూడు సెంటీమీటర్లు ఎక్కువ వదులుండాలి. పాదం దగ్గర థర్మల్ అంచు మీదుగా సాక్సు రావాలి. ఆ రెండూ కలిసే చోటు బూటు అంచుకు పైన ఉండాలి. బూటు లోపలికి వెళ్తే ఆ ఉండ చీలమండను నొక్కి కాలివేళ్లను చల్లబరుస్తుంది.

చీర కట్టుకునేవారికి ఈ లెక్క మరో రకంగా వస్తుంది. స్వెట్టరు సాగుతుంది, జాకెట్టు సాగదు. ఒంటి కొలతకు సరిగ్గా కుట్టించిన జాకెట్టు లోపల థర్మల్ వేస్తే ఆ 1.25 సెంటీమీటర్లకే హుక్కులు పట్టవు. జాకెట్టు పక్క కుట్ల లోపల దర్జీ ఉంచిన బట్టను ఒక వరుస విప్పితే సరిపోతుంది. భుజం దగ్గర, చంక గుండ్రం దగ్గర విప్పడానికి వీల్లేదు కాబట్టి, సన్నటి అల్లికలో చేతుల్లేని థర్మల్‌ను జాకెట్టు లోపల వేసుకుని, చేతులకు వెచ్చదనం పైనున్న స్వెట్టరు నుంచి తీసుకోవడం తేలిక. లంగా లోపల థర్మల్ ప్యాంటు వేసుకోవడానికి ఏ అడ్డూ లేదు. చీర కుచ్చిళ్ల కింద అది కనబడదు, కింది నుంచి వచ్చే గాలికి అదే కాపు. స్త్రీల థర్మల్‌కు కొలత ఛాతీలో ఎక్కువ ఎత్తున్న చోటే తీయాలి, రోజూ వేసుకునే లోదుస్తుల మీదే తీయాలి.

పిల్లలకు రెండేళ్లు వస్తుందని రెండు సైజులు పెద్దది కొనడం మన ఇళ్లలో అలవాటు. స్వెట్టరుకు ఆ ఆలోచన పనికొస్తుంది, థర్మల్‌కు పనికిరాదు. ఈ ఏడాది వదులుగా ఉండి చలి ఆపదు, వచ్చే ఏడాదికి ఉతికి ఉతికి సాగిపోతుంది. ఒక సైజు పెద్దది, అది కూడా చేతుల పొడవు కోసం, అంతవరకే.

కొనేముందు వేసి చూసుకునే వీలుంటే నాలుగు పనులు చేస్తే చాలు. రెండు చేతులూ పైకెత్తాలి. అంచు నడుము దాటి పైకి వస్తే పొడవు చాలదు, లేదా బిగుతు ఎక్కువ. గొంతుక్కూర్చోవాలి. వీపు కింద చర్మం బయటపడకూడదు. పక్కన బట్టను వేళ్లతో గిల్లి పట్టుకోవాలి. ఒకటి రెండు సెంటీమీటర్లు చేతికి వచ్చి, వదలగానే వెనక్కి చేరాలి. గుప్పెడు వస్తే వదులు, వేళ్లకు అసలు చిక్కకపోతే బిగుతు. చివరిగా, పైన వేసుకోబోయే స్వెట్టరును కూడా వెంట తీసుకెళ్లి తొడుక్కుని, గుండెల నిండా ఊపిరి పీల్చాలి. ఊపిరికి స్వెట్టరు అడ్డు తగిలితే పై బట్ట మార్చుకోవాలి. మండువేసవిలో హైదరాబాద్‌లోనో విజయవాడలోనో అమెరికా ప్రయాణానికి థర్మళ్లు కొనే విద్యార్థులకు ఈ చివరి పరీక్ష విసుగనిపిస్తుంది. ఉక్కలో కొంచెం బిగుతున్నా భరించలేక పెద్ద సైజు వైపు మొగ్గుతారు. టేపు కొలతను నమ్ముకోవాల్సింది అలాంటప్పుడే.

అచ్చమైన నూలు థర్మల్ మొదటి ఉతుకుల్లో ముడుచుకుంటుంది. ఐదు శాతం తగ్గడం సాధారణం. పైన చెప్పిన 42 సెంటీమీటర్ల థర్మల్ నూలుదైతే 40కి వస్తుంది, చుట్టూ 80. అప్పుడు 92 ఛాతీకి అది 15 శాతం సాగాలి. హద్దు దాటలేదు, హద్దుకు చేరింది. 70 సెంటీమీటర్ల పొడవు అయితే 66.5 అవుతుంది, అసలు చిక్కు అక్కడే. అందుకే నూలు రకంలో రెండు సైజుల మధ్య ఊగిసలాడేవారు పెద్దది, పాలిస్టర్ రకంలో చిన్నది తీసుకోవాలి. వేడి నీళ్లు, డ్రయ్యరు ఈ ముడుచుకుపోవడాన్ని పెంచుతాయి. మెరినో ఉన్నిని వేడి నీళ్లలో గట్టిగా పిండితే పోగులు ఒకదానికొకటి పెనవేసుకుని బట్ట అట్ట కడుతుంది, మళ్లీ సాగదు. చల్లటి నీళ్లలో ముంచి, పిండకుండా నొక్కి, పరిచి ఆరబెట్టాలి. తాడు మీద వేలాడదీస్తే నీటి బరువుకు చేతులు పొడవు సాగుతాయి.

కాలం గడిచేకొద్దీ లైక్రా పట్టు వదులుతుంది. మోకాలు, మోచేయి దగ్గర బట్ట ఉబ్బి ఉబ్బినట్టే ఉండిపోవడం మొదటి సూచన. కొన్నప్పుడు రాసిపెట్టుకున్న చంక కొలతను ప్రతి చలికాలం మొదట్లో ఒకసారి సరిచూసుకోవచ్చు. 42 ఉన్నది 45కు వచ్చి, సాగదీసి వదిలినా అక్కడే నిలిచిపోతే చుట్టుకొలత 90 అయింది. 92 ఛాతీ మీద ఇక అది పట్టుగా నిలవదు. ఆ దశలో దాన్ని ఇంట్లో పడుకునేటప్పుడు వాడుకోవచ్చు. అప్పుడు కదలిక తక్కువ, పైన రగ్గు గాలిని ఆపుతుంది. బయటి చలికి, స్వెట్టరు కింద వేసుకోవడానికి కొత్తది కొలిచి తెచ్చుకోవాలి.